బోరు, ఇంటి స్థలం: మునిగిన ఖర్చు, యాంకరింగ్, నష్ట విముఖతల గురించి అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు ప్రవర్తనా అర్థశాస్త్రం బోధిస్తున్నాను. నాలుగైదు వాక్యాల సన్నివేశం ఇచ్చి, అందులో కనిపిస్తున్నది నష్ట విముఖతా, యాంకరింగా, మునిగిన ఖర్చు భ్రమా అని అడిగితే, నిర్వచనాలు కంఠతా వచ్చినవారు కూడా తడబడతారు. నష్ట విముఖత అంటే అంతే లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం ఎక్కువ బాధించడం. యాంకరింగ్ అంటే ముందు విన్న అంకె వైపు మన అంచనా జారిపోవడం. మునిగిన ఖర్చు భ్రమ అంటే ఇక తిరిగిరాని ఖర్చును చూసి తర్వాతి నిర్ణయం తీసుకోవడం. జవాబు పత్రాలలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఇప్పటికే డబ్బు పోసిన పనిని కొనసాగిస్తే అది మునిగిన ఖర్చు భ్రమే.

వాస్తవం: చిత్తూరు జిల్లా రైతు ఒకరు బోరు వేయిస్తున్నారనుకుందాం. 800 అడుగులు దిగింది, 1,20,000 రూపాయలు ఖర్చయింది, పైకి ఇంకా పొడి రాతిపిండే వస్తోంది. మరో 200 అడుగులకు 30,000 కావాలి. నీళ్లు పడితే కలిగే మేలు 1,50,000 అనుకుందాం. నీళ్లు పడే అవకాశం పదింట ఒక వంతే అయితే సగటున వచ్చేది 15,000 కనుక బండిని ఆపించడం మేలు. అలా కాక, రాతిపిండి తడిసి ముద్దగా రావడం మొదలై, అవకాశం మూడింట ఒక వంతుకు పెరిగిందని నమ్మడానికి ఆధారం ఉంటే, సగటున వచ్చేది 50,000 కనుక ఇంకా దించడమే సబబు. ఈ రెండు లెక్కలలోనూ 1,20,000 ఎక్కడా లేదని గమనించండి. "ఇంత పోసినాక ఆపితే అంతా మట్టిపాలే గదా" అని ఆ రైతు దాన్ని లెక్కలోకి తెచ్చినప్పుడే భ్రమ మొదలవుతుంది.

దీన్ని పరీక్షించడానికి నేను గతాన్ని మాత్రం మార్చి అడగమంటాను: ఆ 800 అడుగులు ఎవరో ఉచితంగా వేయించి ఇచ్చి ఉంటే, ఇప్పుడు 30,000 పెడతారా? జవాబు మారితే అది మునిగిన ఖర్చు భ్రమ, మారకపోతే కాదు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ ప్రచురించిన అధ్యయనం చేసింది కూడా ఇదే. ఒహాయో యూనివర్సిటీ నాటకశాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. చూడబోయే నాటకాలు అందరికీ ఒకటే అయినా, సీజన్ మొదటి సగంలో పూర్తి ధర చెల్లించినవారే ఎక్కువ నాటకాలకు వెళ్లారు.

అపోహ: కొన్న ధర కంటే తక్కువకు అమ్మనివారిది కూడా మునిగిన ఖర్చు భ్రమే.

వాస్తవం: రేణిగుంట దారిలో 30 లక్షలకు కొన్న ఇంటి స్థలానికి ఇప్పుడు 26 లక్షలే ఇస్తామంటున్నారు, యజమాని అమ్మడం లేదు. ఇక్కడ పాత ఖర్చును కాపాడుకోవడానికి కొత్తగా డబ్బేమీ పోయడం లేదు. అందువల్ల అనుమానించవలసినవి మిగిలిన రెండు. వాటిని విడదీయడానికి ఒక ప్రశ్న చాలు: పక్కనే అచ్చంగా ఇలాంటి స్థలమే ఉంటే దానికి ఇప్పుడు ఎంత పలుకుతుంది? ఆయన "30కి తగ్గదు" అంటే కొన్న ధర ఆయన అంచనానే లాగేసింది, అది యాంకరింగ్. "26 పలుకుతుంది, కానీ నాది మాత్రం ఆ ధరకు ఇవ్వను" అంటే అంచనా సరిగానే ఉంది, ఒప్పుకోలేనిది 4 లక్షల నష్టాన్ని. అది నష్ట విముఖత. ధర త్వరలో పెరుగుతుందనడానికి ఆయన దగ్గర గట్టి ఆధారం ఉంటే మాత్రం ఈ రెండూ కావు. అందుకే ప్రశ్న తయారుచేసేవారు ఆ దారిని సన్నివేశంలోనే మూసివేయాలి.

నష్ట విముఖత అంటే రిస్కుకు భయపడటమేనని రాసేవారికి కూడా ఈ స్థలమే సమాధానం. మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో తమ సిద్ధాంతంలో చూపినట్టు, ఖాయమైన నష్టం ఎదురుగా ఉన్నప్పుడు మనుషులు దాన్ని తప్పించుకోవడానికి రిస్కు తీసుకుంటారు. ఈ యజమాని చేస్తున్నదీ అదే: 4 లక్షల నష్టాన్ని ఖాయం చేసుకోలేక, ఇంకా ఎక్కువ పోయే ప్రమాదాన్ని భరిస్తున్నారు.

అపోహ: మొదట చెప్పిన అంకె ఏదైనా యాంకరే.

వాస్తవం: కానెమన్, ట్వెర్‌స్కీలే 1974లో ప్రచురించిన ప్రయోగంలో, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం అడిగే ముందు ఒక చక్రం తిప్పారు. 10 పడినవారి అంచనాల మధ్యస్థం 25, 65 పడినవారిది 45. చక్రానికీ ప్రశ్నకూ సంబంధం లేదు కనుక అది పొరపాటేనని చెప్పగలం. పక్క పొలంలో 350 అడుగులకే నీళ్లు పడ్డాయని విని మన అంచనాను మార్చుకుంటే, అది సమాచారాన్ని వాడుకోవడమే.

మునిగిన ఖర్చుకూ నష్ట విముఖతకూ మధ్య గోడ మాత్రం అంత గట్టిది కాదు. బోరు ఆపడమంటే 1,20,000ను నష్టంగా ఒప్పుకోవడమే. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లోనే మునిగిన ఖర్చు ప్రభావాన్ని కానెమన్, ట్వెర్‌స్కీల 1979 సిద్ధాంతంతో వివరించారు. అందుకే బోరు సన్నివేశానికి నష్ట విముఖత అని రాసిన విద్యార్థి, ఏ అంకెను మారిస్తే రైతు నిర్ణయం మారుతుందో కూడా రాస్తే, నేను మార్కులు తగ్గించను.