నానే సమయం, నిదానపు వేడి: మిగిలిన బ్రెడ్‌తో పుడ్డింగ్

రెండు రోజుల బ్రెడ్ గట్టిపడేది నీరు ఆరిపోయినందుకే కాదు. కాల్చినప్పుడు మెత్తబడిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ బిగుసుకుంటుంది. పుడ్డింగ్‌కు కావాల్సింది ఆ బిగువే. తాజా బ్రెడ్ పాలల్లో ముద్దయిపోతుంది, పాతది పాలు పీల్చుకుని కూడా ముక్కగానే నిలుస్తుంది. ఇంట్లో తాజాదే ఉంటే ముక్కలు కోసి, 120 డిగ్రీల ఓవెన్‌లో పదిహేను నిమిషాలు ఆరబెట్టండి. బూజు పట్టిన బ్రెడ్ మాత్రం వద్దు.

పావు కిలో బ్రెడ్‌కి అర లీటరు చిక్కటి పాలు, 100 మిల్లీలీటర్ల క్రీమ్, మూడు గుడ్లు, అదనంగా రెండు పచ్చసొనలు, 90 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి. కమ్మదనం ఎక్కువగా ఆ అదనపు సొనల నుంచీ క్రీమ్ నుంచీ వస్తుంది. పాలు గోరువెచ్చగా ఉంటే చాలు. మరిగే పాలు పోస్తే గుడ్డు అక్కడే ఉడికి తరకలు కడుతుంది.

ఇవన్నీ కలిపి బ్రెడ్ మీద పోసి నానబెట్టాలి. అసలు తప్పు ఎక్కువగా జరిగేది ఈ నానబెట్టడంలోనే. ఓవెన్‌లో ఎలాగూ నానుతుందిలే అనుకుంటారు. కానీ ఈ పాలు, గుడ్ల కస్టర్డ్ 80 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి గడ్డకడుతుంది, ఇక ముక్క లోపలికి పారదు. అప్పటికి పొడిగా ఉన్న నడిమి భాగం చివరిదాకా పొడిగానే ఉండిపోతుంది. శాండ్‌విచ్ బ్రెడ్‌కి అరగంట చాలు, మందపాటి అంచులున్న బ్రెడ్‌కి గంటైనా కావాలి. మధ్యలో ఒకసారి గరిటెతో మెల్లగా అదమండి. అన్నిటికన్నా పెద్ద ముక్కను విరిచి చూడండి, లోపల తెల్లని పొడి గింజ కనిపిస్తే ఇంకా ఆగాలి. గంట దాటేట్టయితే ఫ్రిజ్‌లో పెట్టాలి, పచ్చి గుడ్డూ పాలూ ఉన్నాయి కదా.

ఇక వేడి. గుడ్డులోని ప్రోటీన్లు మెల్లగా వేడెక్కితే వదులైన వలలా అల్లుకుని పాలను పట్టి ఉంచుతాయి. సుమారు 85 డిగ్రీలు దాటితే ఆ వల బిగిసి, పిండినట్టు నీటిని వదిలేస్తుంది. అందుకే పుడ్డింగ్ గిన్నెను పెద్ద ట్రేలో పెట్టి, గిన్నె సగం ఎత్తు వరకు వేడినీళ్లు పోసి, 160 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు కాల్చాలి. చుట్టూ ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటలేవు కాబట్టి నడుమ ఉడికేలోపు అంచులు మాడవు.

గిన్నెను కాస్త కదిపితే అంచులు నిలకడగా ఉండి, నడుమ జున్నులా వణకాలి. అప్పుడే బయటికి తీయండి, మిగిలిన వేడికి ఇరవై నిమిషాల్లో నడుమ కూడా బిగుస్తుంది. నడుమ నీళ్లలా అలలు కొడితే ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. కోసినప్పుడు చిన్న చిన్న బొరియలు, గిన్నె అడుగున పల్చటి నీళ్లు కనిపిస్తే వేడి మీరినట్టే. అది మళ్లీ వెనక్కి రాదు, ఈసారి ఓవెన్‌ను పది డిగ్రీలు తగ్గించండి.

హైదరాబాదీ డబల్ కా మీఠాకు ఈ భయం లేదు. అందులో గుడ్డు ఉండదు, నేతిలో వేయించిన బ్రెడ్ పాకాన్నీ పాలనూ పీల్చుకుంటుందంతే.