గంట వక్రం కింద వైశాల్యం: సూత్రం లేనప్పుడు లెక్క ఎలా కడతారు?

స్టాటిస్టిక్స్ చదివిన వాళ్లందరికీ 68 అనే సంఖ్య గుర్తుంటుంది. కొలతలు గంట ఆకారపు నార్మల్ వక్రాన్ని అనుసరిస్తే, సగటుకు అటూ ఇటూ ఒక సిగ్మా, అంటే ఒక ప్రామాణిక విచలనం దూరంలోపు వాటిలో 68.27 శాతం పడతాయని పుస్తకాలు చెబుతాయి. నేనూ దాన్ని బట్టీ పట్టాను. ఆ 68.27ని మొదట ఎవరో కూర్చుని లెక్క కట్టి ఉండాలి కదా, ఎలా కట్టారు అన్న ప్రశ్న మాత్రం చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

దూరాన్ని సిగ్మాలలో కొలిచి x అందాం. అప్పుడు గంట వక్రం e^(−x²/2). x = −1 నుంచి 1 వరకు ఈ వక్రం కింద ఉన్న వైశాల్యం, మొత్తం వైశాల్యంలో 68.27 శాతం. వైశాల్యం అంటే సమాకలనం. ఇంటర్ రెండో ఏడాదిలో నేర్చుకున్న పద్ధతి ప్రకారం, అవకలనం చేస్తే e^(−x²/2) వచ్చే ప్రమేయం ఒకటి కనిపెట్టి, అందులో 1ని, −1ని ప్రతిక్షేపించి తీసివేస్తే పని అయిపోవాలి. కానీ అలాంటి ప్రమేయం దొరకదు. ప్రతిక్షేపణతో ప్రయత్నించినా, విభాగ సమాకలనంతో ప్రయత్నించినా లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

విచిత్రం ఏమిటంటే, దీని పక్కింటి ప్రమేయం x·e^(−x²/2) ఒక్క గీతలో తేలిపోతుంది. దాని సమాకలనం −e^(−x²/2). ముందు ఒక x ఉంటే దారి తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుపోతుంది. ఈ పక్కింటి ప్రమేయాన్ని గుర్తుంచుకోండి, ముందు ముందు మనల్ని ఆదుకునేది ఇదే.

దొరకలేదు అనడం వేరు, లేదు అని రుజువు చేయడం వేరు. ఆ రుజువుకు దారి వేసినవాడు ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ లియూవిల్, 1830లలో. ఇక్కడ 'లేదు' అన్న మాటకు కచ్చితమైన అర్థం ఉంది. బహుపదులు, మూలాలు, ఘాత ప్రమేయాలు, లాగరిథమ్‌లు, సైన్, కొసైన్ లాంటివి తీసుకుని, వాటిని కూడుతూ, గుణిస్తూ, ఒకదానిలో ఒకటి పెడుతూ ఎన్ని మెట్లయినా కట్టవచ్చు. అలా కట్టగలిగిన వాటిని ప్రాథమిక ప్రమేయాలు అంటారు. వాటిలో ఏదీ మనకు కావలసిన జవాబు కాదు. వైశాల్యం లేదని కాదు. వైశాల్యం నిక్షేపంగా ఉంది, దాన్ని రాయడానికి ఈ అక్షరమాల చాలదు.

లియూవిల్ సిద్ధాంతాన్ని మన ప్రమేయానికి అన్వయిస్తే ఇలా వస్తుంది: ప్రాథమికమైన జవాబంటూ ఉంటే అది R·e^(−x²/2) రూపంలోనే ఉండాలి. ఇక్కడ R ఒక బహుపది, లేదా ఒక బహుపదిని మరో బహుపదితో భాగించగా వచ్చే భిన్నం. ఇందులోని కష్టమంతా ఈ ఒక్క వాక్యం వెనకే ఉంది. అది ఒప్పుకుంటే మిగతాది ఇంటర్ విద్యార్థి చేయగలిగిన పనే. R·e^(−x²/2)ని అవకలనం చేస్తే (R′ − xR)·e^(−x²/2) వస్తుంది. మనకు కావలసింది e^(−x²/2) కాబట్టి,

R′ − xR = 1

కావాలి. R ఒక బహుపది అనుకుందాం, దాని ఘాతం n. xR ఘాతం n + 1 అవుతుంది, R′ ఘాతం n కంటే తక్కువ. కాబట్టి xR లోని పెద్ద పదాన్ని కొట్టేయగలిగేది ఏదీ ఉండదు. ఎడమవైపు కనీసం x ఉన్న పదం ఒకటి మిగిలిపోతుంది, 1 ఒక్కటే ఎన్నటికీ రాదు. సరే, R హారంలో (x − c)^m ఉంది అనుకుందాం, c సంకీర్ణ సంఖ్య అయినా పరవాలేదు. అవకలనం చేస్తే R′ హారంలో (x − c)^(m+1) వస్తుంది. xR హారంలో ఉన్నది m వరకే. ఆ అదనపు ఘాతాన్ని రద్దు చేసేది లేదు, మళ్లీ 1 రాదు. రెండు దారులూ మూసుకుపోయాయి, రుజువు పూర్తయింది. పక్కింటి ప్రమేయానికి ఇదే పరీక్ష పెట్టి చూడండి. అక్కడ R′ − xR = x కావాలి, R = −1 పెడితే సరిపోతుంది. నాకు ఈ రుజువులో బాగా నచ్చేది ఇదే, ఒకే పరీక్ష ఒకరిని లోపలికి రానిస్తుంది, ఇంకొకరిని గుమ్మంలోనే ఆపుతుంది.

సూత్రం లేదని తేలాక కూడా ఒక వైశాల్యం మాత్రం కచ్చితంగా దొరుకుతుంది. అది మొత్తం వైశాల్యం, రెండు వైపులా అనంతం దాకా. దాన్ని A అందాం. A ని A తోనే గుణిస్తే, తలం మీద e^(−(x²+y²)/2) ఎత్తున నిలబడ్డ ఒక గుట్ట ఘనపరిమాణం వస్తుంది. ఆ గుట్ట అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా ఉంటుంది కనుక, ఉల్లిపాయ పొరల్లా వలయాలుగా ఒలిచి కూడవచ్చు. r వ్యాసార్థం ఉన్న వలయం చుట్టుకొలత 2πr, అక్కడ ఎత్తు e^(−r²/2). అంటే కూడవలసింది 2π·r·e^(−r²/2). చుట్టుకొలత వల్ల ఒక r వచ్చి చేరింది, ఎదురుగా పక్కింటి ప్రమేయం నిలబడింది. జవాబు 2π, కాబట్టి A = √(2π), అంటే దాదాపు 2.5066. గంట వక్రం సూత్రంలో వృత్తంతో సంబంధమే లేనట్టు కనిపించే π ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది.

మరి −1 నుంచి 1 వరకు ఇదే ఉపాయం ఎందుకు పారదు? అప్పుడు గుట్ట కింది నేల వృత్తం కాదు, చతురస్రం. వలయాలు ఒలుస్తూ పోతే మూలల దగ్గర సగంలో తెగిపోతాయి. కాబట్టి అక్కడ లెక్క కట్టాల్సిందే.

మధ్య భాగానికి శ్రేణి చక్కగా పనిచేస్తుంది. e^(−x²/2)ని శ్రేణిగా విడదీసి, ఒక్కో పదాన్నీ సమాకలనం చేస్తే 0 నుంచి x వరకు వైశాల్యం ఇలా వస్తుంది:

x − x³/6 + x⁵/40 − x⁷/336 + x⁹/3456 − …

x = 1 పెడదాం. 1 నుంచి 0.166667 తీసేసి, 0.025 కలిపి, 0.002976 తీసేసి, 0.000289 కలిపి, తర్వాతి పదం 0.000024 తీసేస్తే 0.855623. ఆరు పదాలు, కాగితం మీద పది నిమిషాల పని. ఇది సగం గంటలో భాగం కనుక సగం వైశాల్యమైన 1.253314తో భాగిస్తే 0.68269. పుస్తకంలోని 68.27 శాతం ఇదే. తొందరగా సరిచూసుకోవాలంటే సింప్సన్ నియమం ఉంది. 0, 0.5, 1 దగ్గర ఎత్తులు మూడే తీసుకున్నా 68.31 శాతం వస్తుంది.

అసలు చిక్కు తోక దగ్గర మొదలవుతుంది. 2012 జులై 4న సెర్న్‌లో హిగ్స్ బోసాన్‌ను ప్రకటించినప్పుడు '5 సిగ్మా' అన్న మాట పత్రికల్లోకి వచ్చింది. అలాంటి కణం లేకుండానే, కేవలం యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గుల వల్ల అంత పెద్ద సంకేతం కనిపించే అవకాశం ఎంత? x = 5కి కుడివైపు మిగిలిన వైశాల్యమే దానికి కొలత. శ్రేణిలో x = 5 పెట్టి సగం వైశాల్యం నుంచి తీసేస్తే సరిపోదా అనిపిస్తుంది. సిద్ధాంతరీత్యా తప్పేమీ లేదు, శ్రేణి ఎంత పెద్ద x కైనా చివరికి సరైన జవాబు దగ్గరికే చేరుతుంది. కానీ దారిలో పదాలు ఉబ్బిపోతాయి. పదకొండు, పన్నెండో పదాల దగ్గర అవి 6,000 దాటతాయి, ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ చివరికి 1.25కి దిగి రావాలి. పది అంకెల క్యాలిక్యులేటర్‌లో 6,000 దాటిన సంఖ్యకు దశాంశ బిందువు తర్వాత ఆరు స్థానాలే మిగులుతాయి. మనం వెతికే తోక వైశాల్యం 0.0000007, అంటే ఏడో స్థానంలో ఉంది. పెద్ద సంఖ్యల సవరింపుల్లో అది కొట్టుకుపోతుంది. తోక వైశాల్యం సున్నా అనో రుణాత్మకం అనో వస్తే, లేదా పదాలను వేరే వరసలో కూడినప్పుడు జవాబు మారితే, జరిగింది ఇదేనని పట్టుకోవచ్చు.

కాబట్టి తోకను తీసివేతతో కాకుండా నేరుగా లెక్కించాలి. ఇక్కడ మళ్లీ పక్కింటి ప్రమేయం కావాలి. తోకలో ప్రతి బిందువు t కూడా 5 కంటే పెద్దదే, అంటే t/5 ఒకటికి తగ్గదు. e^(−t²/2)ని t/5తో గుణిస్తే వైశాల్యం కొంచెం పెరుగుతుంది, కానీ సమాకలనం అయిపోతుంది. వచ్చేది e^(−12.5)/5. అసలు తోక దీనికంటే కొంచెం చిన్నది. ఎంత చిన్నదో ఒక అందమైన మెట్ల భిన్నం చెబుతుంది. తోక వైశాల్యం e^(−x²/2)కి ఇన్ని రెట్లు:

1/(x + 1/(x + 2/(x + 3/(x + 4/(x + …)))))

ఇలాంటి వాటిని కంటిన్యూడ్ ఫ్రాక్షన్ అంటారు. x = 5 పెట్టి కింది మెట్టు నుంచి పైకి వద్దాం. 5 + 4/5 = 5.8. 3ని 5.8తో భాగించి 5 కలిపితే 5.517. 2ని దానితో భాగించి 5 కలిపితే 5.3625. 1ని దానితో భాగించి 5 కలిపితే 5.18648. చివరగా 1ని దానితో భాగిస్తే 0.192809. మొదటి అంచనా 1/5 = 0.2కి ఇంత దగ్గరగా ఉంది. దీన్ని e^(−12.5)తో గుణించి √(2π)తో భాగిస్తే 0.000000287, అంటే సుమారు 35 లక్షల్లో ఒక వంతు. నాలుగైదు భాగహారాలతో, పెద్ద సంఖ్యల ఊసే లేకుండా, మూడు అంకెలూ సరిగ్గా వచ్చాయి.

ఈ భిన్నం లాప్లాస్‌ది, తర్వాత జాకోబీ దాన్ని పద్ధతిగా రుజువు చేశాడు. 1913 జనవరిలో మద్రాసు నుంచి కేంబ్రిడ్జిలోని హార్డీకి శ్రీనివాస రామానుజన్ రాసిన మొదటి ఉత్తరంలో, e^(−x²) సమాకలనానికి ఇదే భిన్నం కాస్త వేరే రూపంలో ఉంది. లాప్లాస్ పుస్తకాలు చేతిలో లేని మనిషి అదే మెట్ల మీదుగా వచ్చాడన్న సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

భిన్నానికీ దాని పరిమితి ఉంది. x = 1 పెట్టి అదే నాలుగో మెట్టు దగ్గర ఆపితే 0.692 వస్తుంది, రావలసింది 0.656. మధ్య భాగంలో శ్రేణి, తోకలో భిన్నం, ఎవరి చోటు వారిదే. ప్రతిసారీ ఈ లెక్క చేయకుండా ఉండేందుకు క్రిస్టియన్ క్రాంప్ 1799లో, గాలిలో నక్షత్ర కాంతి వంగడం మీద రాసిన పుస్తకంలో ఈ సమాకలనానికి పట్టికలు అచ్చువేశాడు. 1871లో గ్లేషర్ దీనికి ఎర్రర్ ఫంక్షన్ అని పేరు పెట్టాడు. పాత అక్షరమాల చాలనప్పుడు కొత్త అక్షరం చేర్చుకున్నారన్న మాట. సైన్ విలువను ఇప్పుడు మీటతో రాబట్టినట్టే దీన్నీ రాబడతాం, పైథాన్‌లో దాని పేరు erf. అది e^(−x²) మీద కట్టినది కనుక సిగ్మాలలో కొలిచిన దూరాన్ని √2తో భాగించి ఇవ్వాలి. తోకకు మాత్రం erfc అని విడిగా ఇంకొకటి ఉంది. ఎందుకుందో 9 సిగ్మా దగ్గర రెండూ నడిపి చూస్తే తెలుస్తుంది:

```python
import math
z = 9 / math.sqrt(2)
print(1 - math.erf(z))
print(math.erfc(z))
```

మొదటిది 0.0 అని చూపిస్తుంది. రెండోది దాదాపు 2.257e-19 అని, రెండు వైపుల తోకలూ కలిపి ఎంతో చెబుతుంది.