ఉల్లి గోదాము కెమెరా, మారిపోయే ఐపీ అడ్రస్: ఒక పాత నమ్మకం ఎక్కడ పుట్టింది?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ వ్యాపారం చేసే నా మిత్రుడికి కల్లూరు వైపు ఒక గోదాము ఉంది. అక్కడి నాలుగు కెమెరాలను ఆయన యార్డులో కూర్చుని ఫోన్లో చూసుకునేవారు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ దృశ్యం మాయమయ్యేది. ఆయన మరో మాట కూడా చెప్పేవారు: "రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేస్తే అడ్రస్ మారుతుందండీ, నెట్ వేగం కూడా పెరుగుతుంది." ఆయన చూసిన రెండూ నిజమే. అడ్రస్ మారేది, వేగమూ పెరిగేది. కానీ ఒకదాని వల్ల రెండోది జరిగిందనుకోవడమే పొరపాటు. ఆ పొరపాటుకు ఒక చరిత్ర ఉంది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది. అప్పుడు మోడెమ్ టెలిఫోన్ లైను మీద కంపెనీ నంబరుకు డయల్ చేసేది. అవతల ఖాళీగా ఉన్న మోడెమ్ ఆ కాల్ తీసుకుని, పేరు, పాస్‌వర్డ్ సరిచూసి, ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తించే అంకెల చిరునామా, అంటే ఒక పబ్లిక్ ఐపీ అడ్రస్ ఇచ్చేది. ఫోన్ పెట్టేయగానే ఆ అడ్రస్ వెనక్కి వెళ్లి, తర్వాత డయల్ చేసినవారికి దక్కేది. కంపెనీ దగ్గర ముప్పై లైన్లుంటే, చందాదారులు వందల్లో ఉన్నా ముప్పై అడ్రస్‌లే చాలు. 1981లో ఖరారైన ఐపీ నాలుగో వెర్షన్‌లో మొత్తం అడ్రస్‌లు దాదాపు 429 కోట్లే. అందుకే పొదుపు తప్పలేదు. డైనమిక్ అడ్రస్ అంటే ఇలా కాసేపు వాడుకుని తిరిగిచ్చేసేది. స్టాటిక్ అంటే ఒక చందాదారుకే కట్టిపెట్టి, మరొకరికి ఇవ్వనిది.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక డయల్ చేసే చప్పుడు ఆగింది కానీ, పద్ధతి పూర్తిగా పోలేదు. రాగి తీగ మీద నడిచే ఆ కనెక్షన్లలో పీపీపీఓఈ అనే విధానం వాడేవారు. ఇప్పటి ఫైబర్ కనెక్షన్లలోనూ చాలా చోట్ల అదే ఉంది. రౌటర్ ఆన్ కాగానే యూజర్ పేరు, పాస్‌వర్డ్ పంపి కొత్త సెషన్ మొదలుపెడుతుంది. కొత్త సెషన్‌కు సాధారణంగా నిల్వలోంచి కొత్త అడ్రస్ వస్తుంది. డీహెచ్‌సీపీ అనే మరో విధానంలో మాత్రం అడ్రస్‌ను కొంత కాలానికి అద్దెకిస్తారు. గడువులో సగం గడవగానే రౌటర్ దాన్ని పొడిగించమని అడుగుతుంది. ఈ మధ్యలో రౌటర్ ఆపి మళ్లీ వేసినా సర్వర్ చాలాసార్లు పాత అడ్రస్‌నే మళ్లీ ఇస్తుంది. ఒక ఇంట్లో రీస్టార్ట్ చేస్తే అడ్రస్ మారడానికి, పక్కింట్లో మారకపోవడానికి కారణం ఇదే.

ఆ రాగి తీగల కాలంలోనే మన నమ్మకం పుట్టింది. అప్పుడు అది అబద్ధం కాదు. మోడెమ్ ఆన్ అయినప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోని యంత్రంతో మాట్లాడుకుని, లైను ఎంత శుభ్రంగా ఉందో కొలిచి, దాన్నిబట్టి వేగాన్ని ఖాయం చేసుకునేది. వానకు కేబుల్ అతుకులు తడిసిన వేళ కనెక్ట్ అయితే తక్కువ వేగానికి ఒప్పందం కుదిరేది. తర్వాత ఎండ కాసి లైను బాగుపడినా, మళ్లీ కొలిచే దాకా చాలా మోడెమ్‌లు ఆ తక్కువ వేగం దగ్గరే ఉండిపోయేవి. ఆపి మళ్లీ వేస్తే రెండు పనులు ఒకేసారి జరిగేవి: లైను మళ్లీ కొలవడం వల్ల వేగం పెరిగేది, సెషన్ కొత్తది కావడం వల్ల అడ్రస్ మారేది. చూసేవారికి రెండూ కలిసే కనిపించాయి.

ఇప్పుడు మా మిత్రుడి గోదాము సంగతి. రాగి తీగ ఉన్నప్పుడు ఆయన ఫోన్లో అడ్రస్‌ను అంకెల్లోనే పెట్టుకున్నారు. ఉదాహరణకు అది 203.0.113.24 అనుకోండి. కరెంటు పోయి వస్తే 203.0.113.87 అయ్యేది. ఫోను పాత అడ్రస్ తలుపే తడుతూ ఉండేది. డైనమిక్ డీఎన్ఎస్ అనే సేవ దానికి మందు. కెమెరాల దృశ్యాలను దాచే రికార్డర్ తన కొత్త అడ్రస్‌ను ఆ సేవకు తెలియజేస్తుంది, ఫోను అంకెలకు బదులు ఒక పేరును పిలుస్తుంది. కొన్ని నిమిషాల ఆలస్యంతో కెమెరాలు తిరిగి వచ్చేవి. ఆ ఏర్పాటు ఏళ్ల తరబడి బాగానే నడిచింది.

ఫైబర్‌కు మారాక అదీ పనిచేయలేదు. దీని మూలం 2011లో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి నిల్వలోని కొత్త అడ్రస్‌లు అయిపోయాయి. ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతపు సంస్థ తన చివరి భాగం తెరిచి, ఒక్కో సభ్య సంస్థకు 1024 అడ్రస్‌లకు మించి ఇవ్వబోమని నియమం పెట్టింది. ఆలస్యంగా వచ్చిన కంపెనీలు వేలమంది చందాదారులను కొద్దిపాటి అడ్రస్‌ల వెనుక సర్దవలసి వచ్చింది. కంపెనీ లోపలి వాడకం కోసం 2012లో 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఒక వరుసను కేటాయించారు. మా మిత్రుడి రౌటర్ పేజీలో కంపెనీ వైపు కనెక్షన్‌ను సూచించే WAN పక్కన 100.72.14.9 అని ఉంది. మీ అడ్రస్ ఇదీ అని చూపే వెబ్‌సైట్‌లోనేమో వేరే అంకెలు. ఈ రెండూ వేర్వేరుగా ఉన్నాయంటే, బయటికి కనిపించే అడ్రస్ ఆయన ఒక్కరిది కాదు, ఎంతోమందితో పంచుకున్నది. బయటి నుంచి వచ్చే పిలుపు ఎవరి గోదాముకో కంపెనీ యంత్రానికి తెలియదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఆ సంగతి మారదు.

వేగం సంగతి తేల్చడానికి మేమిద్దరం ఒక సాయంత్రం గోదాములో కూర్చున్నాం. మొదట రౌటర్‌ను ఆపకుండా, దాని పేజీలో Disconnect, ఆ తర్వాత Connect నొక్కాం. 100.72.14.9 పోయి 100.72.31.160 వచ్చింది. ఫోన్లో వేగం అంతకు ముందు 18 ఎంబీపీఎస్, ఇప్పుడూ అంతే. తర్వాత రౌటర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వేశాం. అడ్రస్ మళ్లీ మారింది, వేగం 60 దాటింది. ఆయన ముఖం వెలిగింది. అప్పుడు ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలిపి, రీస్టార్ట్‌కు ముందూ తర్వాతా కొలిచాం. రెండుసార్లూ ప్లాన్‌లో ఉన్న 100కు దగ్గరగానే వచ్చింది. అంటే మందగించింది ఇంటర్నెట్ కాదు, వైఫై. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల దుకాణాలన్నీ 6 మీద ఉన్నాయి. రౌటర్ ఆన్ అయ్యేటప్పుడు ఛానల్‌ను మళ్లీ ఎంచుకుని 11కు వెళ్లింది.

ప్లాన్ వేగాన్ని కంపెనీ సర్వర్ యూజర్ పేరును చూసి అమలు చేస్తుంది. ఆ పేరుకు ఏ అడ్రస్ దక్కిందన్నది లెక్కలోకి రాదు. ఫైబర్‌లో లైనును కొలిచి బేరమాడే పని కూడా లేదు. ఎక్కువగా వాడే జీపాన్ విధానంలో కంపెనీ నుంచి మన వైపు వచ్చే కాంతి ఎప్పుడూ దాదాపు రెండున్నర గిగాబిట్ల వేగంతోనే నడుస్తుంది. స్టాటిక్ తీసుకున్నంత మాత్రాన వేగం పెరగదు, తగ్గదు. ఒక్క మినహాయింపు ఉంది. అడ్రస్‌లు పంచే కంపెనీ యంత్రం సాయంత్రాల్లో ఒత్తిడికి లోనైతే, స్టాటిక్ ఉన్నవారు దాన్ని దాటి వెళతారు కాబట్టి తేడా తెలియవచ్చు. తీగతో కొలిచినా సాయంత్రం మాత్రమే మందగిస్తుంటే అప్పుడు దాన్ని అనుమానించాలి.

మిత్రుడు అదనపు రుసుము కట్టి స్టాటిక్ అడ్రస్ తీసుకున్నారు. రౌటర్‌లో మార్చవలసింది ఏమీ లేకపోయింది, కంపెనీ తన వైపు ఆయన యూజర్ పేరుకు ఒక పబ్లిక్ అడ్రస్‌ను కట్టిపెట్టింది. నేను పట్టుబట్టి రికార్డర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్పించాను. పబ్లిక్ అడ్రస్‌లను వరుసగా తడుతూ తెరిచి ఉన్న కెమెరాల కోసం వెతికేవారు ఎప్పుడూ ఉంటారు. వైఫైని 11 మీద స్థిరపరిచాం. మరుసటి వారం కరెంటు పోయి వచ్చినప్పుడు యార్డు నుంచి ఫోన్ చేశారు. ఫైబర్ పెట్టె, రౌటర్ లేచేదాకా రెండు నిమిషాలు చీకటి, ఆ తర్వాత నాలుగు కెమెరాలూ అదే అడ్రస్ మీద తిరిగి కనిపించాయట.