తోరణం మధ్యలో గాలి గోడ

హన్మకొండలో ఇంజినీరింగ్ చదివే ఒక తమ్ముడు ఓరుగల్లు కోట మీద చిన్న గేమ్ చేస్తున్నాడు. కీర్తి తోరణాన్ని 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో చెక్కాడు, యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లోకి తెచ్చాడు, ఇతర వస్తువులు దానికి గుద్దుకుని ఆగేలా మెష్ కొలైడర్ తగిలించాడు. ఆటగాడు తోరణం కిందుగా అటూ ఇటూ నడిచాడు, అంతా బాగుంది. తర్వాత ఒక దృశ్యంలో తోరణం కూలి రాళ్లు దొర్లాలని, వస్తువు బరువుతో కిందపడేలా చేసే రిజిడ్ బాడీ కూడా పెట్టాడు. కన్సోల్‌లో ఎర్ర గీత వచ్చింది: కాన్వెక్స్ కాని మెష్ కొలైడర్, కదిలే రిజిడ్ బాడీతో కలిసి పనిచేయదట. సరే అని `Convex` అనే గడిలో టిక్ పెట్టాడు. ఎర్ర గీత పోయింది. దాంతోపాటు దారీ పోయింది. ఆటగాడు స్తంభాల మధ్య ఖాళీ జాగాలో గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోతున్నాడు.

"టిక్ పెడితే దారి మూసుకుపోతుంది, తీసేస్తే రాయి పడదు. ఈ రూల్ ఎవరు పెట్టిండ్రన్నా?" అని అడిగాడు. పెట్టింది ఒక్కరు కాదు. రోబోల కోసం రాసిన లెక్కలతో మొదలై, గేమ్ ఇంజిన్ల దాకా నడిచి వచ్చిన రూల్ అది.

ముందు మాటలు తేల్చుకుందాం. తెర మీద కనిపించే తోరణం నిజానికి కొన్ని వేల త్రిభుజాల పొర. ఆ పొరనే గుద్దుకోవడానికీ వాడితే అది ట్రయాంగిల్ మెష్. కాన్వెక్స్ హల్ అంటే అదే వస్తువును గుడ్డలో పెట్టి బిగించి కట్టిన మూట లాంటిది. గుంటలు, సందులు, రంధ్రాలు అన్నీ మూటలో కలిసిపోతాయి. బడి పుస్తకం భాషలో ఇది కుంభాకారం: లోపలి ఏ రెండు బిందువులను కలిపి గీత గీసినా, ఆ గీత బయటికి పోదు. సకినాన్ని మూట కడితే నడిమి రంధ్రం పోయి బిళ్ల మిగులుతుంది. తోరణాన్ని మూట కడితే ద్వారం పోయి దిమ్మె మిగులుతుంది. తమ్ముడికి ఎదురైన గాలి గోడ అదే.

అంత మొరటు ఆకారాన్ని ఇంజిన్లు ఎందుకు కోరుకుంటాయి? త్రిభుజాలు తగ్గుతాయి కాబట్టి వేగం పెరుగుతుందని చాలామంది చెబుతారు. సగమే నిజం. కూలిన రెండు రాళ్లకు చెరో 2,000 త్రిభుజాలు ఉన్నాయనుకోండి. ప్రతిదాన్నీ ప్రతిదానితో పోలిస్తే 40 లక్షల జంటలు. యూనిటీలో ఫిజిక్స్ మామూలుగా సెకనుకు 50 సార్లు నడుస్తుంది, అంటే ఒక్కో విడతకు 20 మిల్లీసెకన్లే సమయం. కానీ ఈ 40 లక్షలను ఎవరూ అలా తిప్పరు. త్రిభుజాలను పెట్టెల్లో, ఆ పెట్టెలను ఇంకా పెద్ద పెట్టెల్లో సర్ది చెట్టులా కట్టే పద్ధతులు చాన్నాళ్ల నుంచే ఉన్నాయి. గాట్‌షాక్, లిన్, మనోచా 1996లో ప్రకటించిన ఓబీబీ ట్రీ వాటిలో పేరున్నది. పెద్ద పెట్టెలు తగలకపోతే లోపలివి చూడక్కర్లేదు. అసలు చిక్కు రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నప్పుడు వస్తుంది. అప్పుడు పెట్టెలు ఎలాగూ తగులుతాయి, చెట్టు కొమ్మకొమ్మకూ దిగాల్సిందే. కూలిన రాళ్ల కుప్పలో అన్నీ ఆనుకునే ఉంటాయి కదా.

కాన్వెక్స్ ఆకారానికి వేరే దారి ఉంది. 1988లో గిల్బర్ట్, జాన్సన్, కీర్తి అనే ముగ్గురు రోబోటిక్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. రోబో చేయి చుట్టుపక్కల వస్తువులకు ఎంత దూరంలో ఉందో వేగంగా లెక్కించడం వాళ్ల అవసరం. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతోనే దాన్ని జీజేకే అంటారు. (కీర్తి తోరణం కోసం వెతికితే లెక్కలోనూ కీర్తి దొరికాడని తమ్ముడు నవ్వాడు.)

అందులో కిటుకు ఇది. ఒక వస్తువు A, ఇంకోటి B అనుకోండి. A లోని ప్రతి బిందువు నుంచి B లోని ప్రతి బిందువునూ తీసివేస్తే కొత్త ఆకారం ఒకటి తయారవుతుంది. రెండింటికీ ఉమ్మడి బిందువు ఒక్కటైనా ఉంటే, ఆ తీసివేతల్లో ఎక్కడో సున్నా వచ్చి తీరాలి. కాబట్టి "ఇవి తగిలాయా?" అన్న ప్రశ్న "ఆ కొత్త ఆకారంలో సున్నా ఉందా?" అని మారుతుంది. A, B కాన్వెక్స్ అయితే ఆ కొత్తదీ కాన్వెక్సే. దాన్ని పూర్తిగా కట్టనవసరం లేదు. "ఈ దిక్కున అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల ఏది?" అని రెండు వస్తువులనూ అడుగుతూ, వచ్చిన జవాబులతో సున్నా వైపు జరుగుతూ పోతే చాలు. మామూలుగా కొద్ది విడతల్లోనే తేలిపోతుంది.

దూరపు మూలను వెతకడం కూడా కాన్వెక్స్‌లో తేలిక. పద్మాక్షి గుట్ట ఎక్కేటప్పుడు ప్రతి అడుగూ పైకే వేస్తున్నా సరే, నడుమ ఏదో బండ మీదికి చేరి, అక్కణ్నుంచి ఎటు చూసినా దిగుడే కనిపించి ఆగిపోవచ్చు. శిఖరం ఇంకా పైన ఎక్కడో ఉంటుంది. కాన్వెక్స్ ఆకారంలో అలాంటి మోసపు బండలు ఉండవు. పక్క మూల మీకన్నా ఎత్తుగా ఉంటే అటు జరగండి, ఏదీ ఎత్తుగా లేకపోతే మీరున్నదే శిఖరం. పైగా రాయి ఒక విడతలో కొంచెమే కదులుతుంది కాబట్టి, పోయిన విడత జవాబు దగ్గరే వెతుకులాట మొదలుపెట్టొచ్చు. నా లెక్కలో వేగం అసలు పుట్టేది ఇక్కడే. మూలలు తక్కువ ఉండడం దాని మీద వచ్చే అదనపు లాభం.

వేగం సంగతి పక్కన పెట్టినా ఇంకో పెద్ద తేడా ఉంది. త్రిభుజానికి మందం లేదు, ట్రయాంగిల్ మెష్‌కు 'లోపల' అంటూ లేదు. వేగంగా వచ్చిన చిన్న రాయి ఒక విడతలో పొరకు ఇవతల, మరుసటి విడతలో అవతల ఉంటే, అది తప్పుగా దాటిందని మెష్‌కు తెలియదు. కాన్వెక్స్‌కు లోపలా బయటా స్పష్టం. ఎంత లోతు దిగిందో, ఏ దిక్కున నెడితే తొందరగా బయటపడుతుందో లెక్కించవచ్చు. జీజేకే ఆగిన చోటి నుంచి ఆ లోతును కనిపెట్టే ఈపీఏ పద్ధతిని జీనో వాన్ డెన్ బెర్గెన్ 2001లో వివరించాడు. ఈ లోతు తెలియకే మెష్ మీద మెష్ పెట్టిన రాళ్లు వణుకుతాయి, ఒక్కోసారి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బయటికి రావు.

గేమ్‌లు ఈ లెక్కను తమ దారిలో కలుపుకున్నాయి. 1996లో వచ్చిన క్వేక్‌లో గదులూ గోడలూ బ్రష్ అనే ముక్కలతో కట్టేవారు. ప్రతి బ్రష్ కాన్వెక్సే, కొన్ని తలాల మధ్య చిక్కిన దిమ్మె. కమాను కావాలంటే ముక్కలు ముక్కలుగా పేర్చాల్సిందే. అంటే ఆ రోజుల్లో లెవెల్ కట్టేవాళ్లకు తోరణం ఒకే వస్తువు కాదు. తర్వాత మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మెష్‌ను తెచ్చి పడేయడం అలవాటయ్యాక ఈ జ్ఞాపకం పోయింది. పాత యూనిటీ కూడా కొంత ఉదారంగానే ఉండేది. కదిలే వస్తువుకు ట్రయాంగిల్ మెష్ తగిలించనిచ్చేది, కాకపోతే అలాంటివి రెండు ఎదురైతే ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోయేవి. 2015లో వచ్చిన యూనిటీ 5, లోపలి ఫిజిక్స్ ఇంజిన్ ఫిజెక్స్‌ను మూడో తరానికి మార్చింది. ఆ వెసులుబాటు అప్పుడే పోయింది. చాలామంది తిట్టుకున్నారు కానీ, నిశ్శబ్దంగా దూరిపోవడం కన్నా ఎర్ర గీతే నయమని నేనంటాను. కాన్వెక్స్ మెష్ కొలైడర్‌కు 255 త్రిభుజాల హద్దు ఉంది. 255 అంటే ఒక్క బైట్‌లో పట్టే పెద్ద సంఖ్య. కదిలే ట్రయాంగిల్ మెష్‌కు దారి అసలే లేదని కాదు, బుల్లెట్ అనే మరో ఫిజిక్స్ ఇంజిన్‌లో `btGImpactMeshShape` ఉంది. కానీ కుప్పగా పడే రాళ్లకు దాని ఖరీదు ఎక్కువ.

మరి ద్వారం సంగతి? ఒక్క మూట చాలనప్పుడు చాలా మూటలు కట్టాలి. ఆకారాన్ని తేడా లేకుండా కాన్వెక్స్ ముక్కలుగా కోయడం అందంగా వినిపిస్తుంది గానీ, కొన్ని ఆకారాలకు ముక్కల సంఖ్య మూలల సంఖ్య వర్గంలా పెరుగుతుందని చజెల్ 1984లోనే చూపించాడు. అందుకే కొంత తేడాను ఒప్పుకుని, తక్కువ ముక్కలతో సరిపెట్టే పద్ధతులు వచ్చాయి. ఖాలెద్ మమూ, గోర్బెల్ 2009లో ఇచ్చిన హెచ్‌ఏసీడీ, దాని తర్వాత వచ్చిన వీ-హెచ్‌ఏసీడీ వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి. రెండోది ఆకారాన్ని ముందు చిన్న చిన్న ఘనాలుగా మార్చి, గుంట ఎక్కువున్న చోట కోస్తుంది.

తమ్ముడి తోరణానికి వీ-హెచ్‌ఏసీడీ వద్దన్నాను. మనిషి కట్టిన కట్టడంలో ఎక్కడ కోయాలో మనకే బాగా తెలుసు, రాయికీ రాయికీ మధ్య అతుకు దగ్గరే. నిలబడి ఉన్నంతసేపు తోరణానికి రిజిడ్ బాడీ అక్కర్లేదు కాబట్టి పాత ట్రయాంగిల్ మెషే ఉంచాం. కదలని వస్తువుకు అది తప్పేమీ కాదు, నేలకూ కోటగోడకూ అదే వాడతారు. కూలే క్షణంలో దాన్ని తీసేసి ముక్కలను దించాలి. రెండు వైపులా ఉన్న స్తంభాల జంటలను రెండు దిమ్మెలుగా, కింది పీఠాలను రెండుగా, వంపు తిరిగిన ఏటవాలు రాళ్లను నాలుగుగా, పై దూలాన్ని మూడుగా కోశాం. మొత్తం పదకొండు. హంసల చెక్కడాలకు కొలైడర్ ఇవ్వలేదు, అవి చూపుకే. ఒక్కో రాయికి:

```csharp
var mc = rayi.AddComponent<MeshCollider>();
mc.sharedMesh = hullMesh;
mc.convex = true;
rayi.AddComponent<Rigidbody>();
```

ఇక్కడ `hullMesh` అంటే బ్లెండర్‌లో ముందే తయారుచేసుకున్న తేలికైన ఆకారం, ఒక్కోటి నలభై మూలల లోపే. చెక్కడాలతో ఉన్న అసలు మెష్‌ను ఇస్తే హల్‌ను ఇంజినే కడుతుంది గానీ, 255 దాటితే తనకు తోచినట్టు కోసేస్తుంది.

మొదటిసారి నడిపినప్పుడు తోరణం కూలలేదు, పేలింది. మొదటి విడతలోనే రాళ్లు నాలుగు దిక్కులా ఎగిరిపోయాయి. ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి ఆట ఆపి, సీన్ కిటికీలో కొలైడర్ల ఆకుపచ్చ గీతలు చూశాం. వంపు రాళ్ల లోపలి గుంట మూటలో నిండిపోయి, పక్క స్తంభం తలలోకి అంగుళాలకొద్దీ దిగి ఉంది. ఆటలో ఒకదాంట్లో ఒకటి దిగిన రెండు వస్తువులను ఇంజిన్ బలంగా విడదీస్తుంది, పేలుడు అదే. నాలుగు వంపు రాళ్లలో ఒక్కోదాన్ని రెండు ముక్కలుగా చేసి ఒకే రిజిడ్ బాడీ కింద పెట్టాం. అంటే రాళ్లు పదకొండే, హల్స్ పదిహేను. ఆపైన ప్రతి హల్‌నూ అతుకు దగ్గర పిసరంత లోపలికి జరిపాం. గీతల మధ్య సన్నని సందు కనబడేంత.

రెండోసారి దూలం ముందు ఒరిగి, స్తంభం దాని మీద పడింది. దగ్గరగా చూస్తే ఒక వంపు రాయి నేల మీద వేలెడంత ఎత్తున గాల్లో ఆగింది, దాని హల్ అంచు అక్కడ తాకుతోంది మరి. తమ్ముడు అక్కడ దుమ్ము కణాలు వదిలి కప్పేశాడు.