నిష్పత్తి 20 లోపు వచ్చినా ఎరువు పచ్చిగానే ఉండొచ్చు

బెంగళూరు అపార్ట్‌మెంటులో తయారైన కంపోస్టును చింతామణి వైపు టమాటా రైతుకు అమ్మాలంటే ల్యాబ్ రిపోర్టులో అందరూ ముందు చూసేది కర్బన-నత్రజని నిష్పత్తి. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో అది 20 కంటే తక్కువ ఉండాలి. ఈ 20 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

ఎండు లెక్కన ఒక టన్ను ఎరువులో 300 కిలోల కర్బనం, 10 కిలోల నత్రజని ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 30. పొలంలో వేశాక ఒక పంటకాలంలో సూక్ష్మజీవులు అందులో 100 కిలోల కర్బనాన్ని తిన్నాయనుకుంటే, సుమారు 60 కిలోలు ఊపిరిగా గాల్లో కలుస్తాయి, 40 కిలోలు వాటి ఒంటికి పడతాయి. వాటి ఒంట్లో ప్రతి 8 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. అంటే వాటికి 5 కిలోల నత్రజని కావాలి. తిన్న ఎరువులో దొరికింది 3.3 కిలోలే. మిగతా 1.7 కిలోలను నేలలోంచి లాక్కుంటాయి. ఎకరానికి ఇలాంటి 5 టన్నులు వేసిన రైతు మొక్కకు దక్కాల్సిన 8 కిలోలకు పైగా నత్రజనిని, అంటే దాదాపు 18 కిలోల యూరియాతో సమానమైనదాన్ని, కొన్నాళ్లు పోగొట్టుకుంటాడు. ఆకులు పసుపెక్కుతాయి. అదే నిష్పత్తి 20 అయితే 100 కిలోల కర్బనంతో పాటు సరిగ్గా 5 కిలోల నత్రజని వస్తుంది, లెక్క సరిపోతుంది. హద్దు 20 దగ్గర పడింది అందుకే.

కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు ఎక్కువ కలిపిన ఎరువును ఈ హద్దు చక్కగా పట్టిస్తుంది. వంటింటి చెత్త విషయంలోనే దెబ్బ తింటాం. అన్నం, పప్పు, కూర మిగుళ్లలో మొదటి రోజునే ఈ నిష్పత్తి 15-20 మధ్య ఉండవచ్చు. కుళ్లడం మొదలవకముందే పాసైపోయే పరీక్ష అది! కాబట్టి మొదట్లో ఎంత ఉండేది, ఇప్పుడెంత అని పక్కపక్కన పెట్టి చూడాలి. చివరి అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు.

ఇంకో మోసం తేమది. ఉత్తర్వు ప్రకారం అమ్మే ఎరువులో తేమ 15-25 శాతం ఉండాలి. అంత ఎండితే సూక్ష్మజీవులు దాదాపు పని ఆపేస్తాయి. పచ్చి ఎరువు కూడా చల్లగా, మట్టి వాసనతో, మాగినట్టే కనిపిస్తుంది. పొలంలో నీళ్లు తగలగానే మళ్లీ కుళ్లడం మొదలవుతుంది. అందుకే పరీక్షకు ముందు కుప్పలో పది పన్నెండు చోట్ల, లోపలి నుంచి కూడా తీసి కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్దకట్టి నీరు కారనంత తడిపి ఒక రోజు ఉంచాలి. తర్వాత కొంత థర్మాస్ ఫ్లాస్కులో వదులుగా నింపి, లోపల థర్మామీటరు పెట్టి, మూత బిగించకుండా పది రోజుల వరకు రోజూ చూడాలి. గది వేడి కంటే 10 డిగ్రీలకు మించి పెరిగితే ఇంకా మాగాలి. ప్రయోగశాలల్లో దీనికి వేరే కొలతల ఫ్లాస్కు వాడతారు. ఇంటి ఫ్లాస్కు ఉజ్జాయింపుగానే చెబుతుంది.

నాకు అన్నిటికంటే నమ్మకం విత్తనాల పరీక్ష మీద. ఒక పాలు ఎరువును పది పాళ్ల నీళ్లలో కలిపి వడకట్టి, ఆ తేటతో తడిపిన కాగితం మీద 20 ముల్లంగి విత్తనాలు, మామూలు నీళ్లతో తడిపిన కాగితం మీద మరో 20 ఉంచాలి. నీళ్లలో 19 మొలిచి వేరు సగటున 40 మిల్లీమీటర్లు, తేటలో 16 మొలిచి వేరు 22 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. నీళ్లతో పోలిస్తే మొలక 84 శాతం, చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. వేరు మాత్రం 55 శాతమే. రెండూ గుణించి 100తో భాగిస్తే 46. సాధారణంగా 80 దాటితేనే మాగినట్టు లెక్క. మొలకలు లెక్కపెట్టి ఊరుకుంటే ఈ లాట్ అమ్ముడుపోయేది. సగం కుళ్లిన చెత్తలోని ఎసిటిక్ ఆమ్లం, అమ్మోనియా వంటివి ముందు వేరునే కాలుస్తాయి.

ఇలాంటి లాట్‌ను తడి చూసుకుంటూ, తిరగేస్తూ మరో మూడు నాలుగు వారాలు ఉంచి మళ్లీ పరీక్షించాలి. అప్పటికి ఫ్లాస్కు వేడెక్కక, ఘాటు వాసన కూడా పోయి, వేరు మాత్రం పొట్టిగానే ఉంటే ఉప్పును అనుమానించాలి. ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ మించకూడదు. ఎరువు మాగినా ఉప్పు పోదు, కుప్ప తరిగేకొద్దీ చిక్కబడుతుంది. ఎండుటాకుల కంపోస్టు కలిపి పలుచన చేయడమో, ఆ ఎరువును నారు ట్రేలకు అమ్మకుండా ఉండడమో చేయాలి. సీసం, కాడ్మియం వంటి భారలోహాలను ఈ ఇంటి పరీక్షల్లో ఏదీ నమ్మకంగా పట్టలేదు, వాటికి ల్యాబుకు పంపాల్సిందే.