బ్యాచ్ స్లిప్‌లో ఆ అర్థంలేని టోటల్ ఎందుకు?

ఇన్‌వాయిస్ ఎంట్రీలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది. బిల్లుల కట్టతో పాటు పంపే బ్యాచ్ స్లిప్ మీద రాయడానికి బిల్లుల మొత్తం కూడమంటే సరే, ఎన్ని బిల్లులో లెక్కపెట్టమంటే సరే, ఈ వెండార్ కోడ్‌లు కూడమనడమేంటండీ, కోడ్‌లు కూడితే ఏమొస్తుంది అని. నిజమే, ఏమీ రాదు. ఇరవై వేల నాలుగొందల పదిహేడో నంబర్ వెండార్‌ని ఇంకో వెండార్‌తో కూడితే వచ్చేదానికి అర్థమే లేదు, అందుకే దాన్ని హ్యాష్ టోటల్ అన్నారు, హ్యాష్ అంటే కొట్టి కలిపేసిన కైమా లాంటిదన్నమాట. పాస్‌వర్డ్‌లు దాచే హ్యాష్ వేరు, దానికీ దీనికీ పేరు ఒకటే తప్ప పని ఒకటి కాదు.

ఇది ఎక్కడ మొదలైందో తెలియాలంటే పంచ్ కార్డుల కాలానికి, అంటే అంకెలని అట్ట కార్డు మీద చిల్లులుగా కొట్టే కాలానికి వెళ్ళాలి. అలాంటి కార్డులు లెక్కపెట్టే హోలరిత్ మెషీన్లు 1890 అమెరికా జనాభా లెక్కల్లో వాడారు, ఐబీఎం 80 కాలమ్‌ల కార్డు 1928లో వచ్చింది, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు పెద్ద ఆఫీసుల లెక్కలు చాలావరకు ఆ కార్డుల మీదే నడిచాయి. బిల్లు చూసినవాళ్ళు ఒకరు, కార్డు మీద పంచ్ కొట్టేవాళ్ళు ఇంకొకరు. పంచ్ కొట్టే అమ్మాయికి ఆ వెండార్ ఎవరో ఆ సరుకు ఏంటో తెలీదు, ఎదురుగా ఉన్న అంకెలు కొట్టుకుంటూ పోవడమే. తప్పు పడితే చూసి పట్టుకునే దారి ఆమెకి లేదు.

దీనికి వాళ్ళు పెట్టుకున్న మొదటి మందు వెరిఫయర్. ఐబీఎం 056 లాంటి మెషీన్‌లో పంచ్ అయిన కార్డు పెట్టి, రెండో ఆపరేటర్ అదే బిల్లు చూసి మళ్ళీ మొత్తం కొడుతుంది, కానీ ఈసారి కార్డుకి చిల్లు పడదు, కొట్టిందీ ఉన్న చిల్లూ కలుస్తున్నాయా అని మెషీన్ చూస్తుంది అంతే. అన్నీ కలిస్తే కార్డు కుడి అంచున చిన్న గాటు పడుతుంది, తేడా వస్తే తప్పున్న కాలమ్ పైన గాటు పడుతుంది. బాగా పనిచేసేది గానీ ప్రతి కార్డూ రెండుసార్లు కొట్టాలి, అంటే జీతాలు కూడా రెట్టింపే. అదీకాక గజిబిజి రాతలో 1ని 7 అని ఇద్దరూ ఒకేలా చదివారనుకోండి, వెరిఫయర్ ఏం చేస్తుంది పాపం, సరే అంటుంది.

చవకైన రెండో దారి లెక్కలవాళ్ళకి ముందునుంచే తెలుసు. యాడింగ్ మెషీన్ మీద అంకెలు కూడి కాగితం టేపు తీయడం. బిల్లులు పంచింగ్‌కి పంపేముందే ఒక కట్ట కట్టి, ఎన్ని ఉన్నాయో, మొత్తం ఎంతో, కోడ్‌ల కూడిక ఎంతో స్లిప్ మీద రాసి పంపేవాళ్ళు. కంప్యూటర్ కార్డులు చదువుతూ తనూ కూడుకుంటూ పోయి చివర్లో స్లిప్ అంకెలతో పోలుస్తుంది, కలవకపోతే కట్ట మొత్తం వెనక్కి. కట్ట చిన్నదిగా పెట్టుకునేది కూడా అందుకే, ఐదొందల బిల్లుల్లో ఒక తప్పు వెతకడం ఎవరికి కావాలి.

ఒక కట్ట వేసి చూద్దాం, ఎడమ పక్కన వెండార్ కోడ్, కుడి పక్కన బిల్లు మొత్తం:

```
20417     4590
10352    12300
30886      875
11740     2160
25093     7425
--------------
98488    27350
```

ఐదు బిల్లులు, హ్యాష్ 98,488, మొత్తం 27,350. ఇప్పుడు మొదటి బిల్లు 4,590 కొట్టాల్సింది 4,950 కొట్టారు. టోటల్ 27,710 వచ్చింది, తేడా 360. తేడా చూడగానే పాత అకౌంటెంట్లు చేసే మొదటి పని తొమ్మిదితో భాగించడం, ఎందుకంటే పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది. 360ని భాగిస్తే 40, అంటే పదుల స్థానంలో 4, అంటే వందల అంకెకీ పదుల అంకెకీ మధ్య 4 తేడా ఉన్న బిల్లు వెతకాలి. పై కట్టలో అలాంటిది 4,590 ఒక్కటే, 5కీ 9కీ మధ్య నాలుగు. మిగతా నాలుగూ తీసి చూడక్కర్లేదు. తేడా తొమ్మిదితో పోయినంత మాత్రాన తారుమారే అని కాదు, వేరే తప్పుకి కూడా అలా రావచ్చు, కానీ వెతకడం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఇంకో తప్పు, 20417 బదులు 20471 కొట్టారు, ఖర్మకాలి 20471 నంబర్‌తో కూడా ఒక వెండార్ ఉన్నాడు. మొత్తం కలిసింది, బిల్లుల లెక్క కలిసింది, వెండార్ లిస్టులో కోడ్ ఉంది కాబట్టి సిస్టమ్ కూడా సరే అంది. హ్యాష్ మాత్రం 98,542, తేడా 54, అదీ తొమ్మిదితో పోతుంది. ఆ అర్థంలేని టోటల్ లేకపోతే డబ్బు వేరేవాళ్ళ ఖాతాలోకి పోయేది, అసలు వెండార్ ఫోన్ చేసి తిట్టేదాకా మనకి తెలిసేది కాదు.

కోడ్‌లోనే కాపలా పెట్టే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే వచ్చింది, చెక్ డిజిట్, అంటే మిగతా అంకెల నుంచి లెక్కకట్టి కోడ్‌కి చేర్చే ఒక అంకె. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో ఇలాంటి ఒక పద్ధతికి పేటెంట్ అప్లై చేస్తే 1960లో వచ్చింది. పక్కపక్క అంకెలు తారుమారైతే అది దాదాపు అన్నీ పట్టేస్తుంది, 09ని 90 అని కొడితే మాత్రం పట్టదు. కోడ్‌లు మొదటినుంచీ అలా తయారుచేసుకుని ఉంటేనే పనికొస్తుంది, పాత కోడ్‌లకి తర్వాత అతికించడం పెద్ద తలనొప్పి.

హ్యాష్ టోటల్ పట్టలేనిది కూడా చూడాలి. పై కట్టలో రెండో బిల్లుకి 30886, మూడో బిల్లుకి 10352 కొట్టారనుకోండి, అంటే కోడ్‌లు ఒకదాని బదులు ఒకటి పడ్డాయి. హ్యాష్ అదే 98,488, మొత్తం అదే, ఐదు బిల్లులూ ఉన్నాయి, బ్యాచ్ ఓకే. కూడికకి వరసతో పనిలేదు కదా, అంకెలు కట్టలో ఎక్కడో ఉంటే చాలు దానికి. కోడ్‌ని మొత్తంతో గుణించి ఆ లబ్ధాలు కూడితే ఇది దొరుకుతుంది, రెండు బిల్లుల మొత్తాలూ ఒకటే అయితే తప్ప. కానీ చేతి టేపు మీద అది ఎవరు చేస్తారు.

1970ల్లో టెర్మినల్ స్క్రీన్లు వచ్చాక ఇదంతా పక్కకి పోవడం మొదలైంది. బిల్లు చేతిలో ఉన్న మనిషే ఎంట్రీ చేస్తున్నాడు, కోడ్ కొడితే పేరు పక్కన కనబడుతోంది, ఇంక కట్టలెందుకు అనుకున్నారు. పేరు కనబడుతుంది నిజమే, రోజుకి రెండొందలు కొట్టేవాడు పేరు చదువుతాడా అన్నది వేరే సంగతి. చాలాచోట్ల టోటల్ బాక్సులు స్క్రీన్ మీద ఉండిపోయాయి గానీ అసలు క్రమం పోయింది. బ్యాంకుల మధ్య డబ్బు పంపే అమెరికా ఏసీహెచ్ ఫైళ్ళలో మాత్రం ఇప్పటికీ ప్రతి బ్యాచ్ చివర ఎంట్రీ హ్యాష్ ఉంటుంది, డబ్బు అందుకునే బ్యాంకుల నంబర్లలో మొదటి ఎనిమిది అంకెలు కూడి, చివరి పది అంకెలు ఉంచుతారు.

అసలు క్రమం అంటే టోటల్ ముందు, ఎంట్రీ తర్వాత. నేను పనిచేసిన ఒకచోట తిరగేసి చేసేవాళ్ళు, బిల్లులన్నీ కొట్టేసి స్క్రీన్ కింద వచ్చిన టోటల్‌నే, ముందే కూడిన టోటల్ కొట్టాల్సిన కంట్రోల్ బాక్సులో మళ్ళీ కొట్టేవాళ్ళు, కలవక ఛస్తుందా మరి. దాన్ని కనిపెట్టడం కష్టం కాదు, నేను ఆరు నెలల బ్యాచ్‌ల రిపోర్ట్ తీశాను, తేడా కాలమ్‌లో పైనుంచి కిందదాకా సున్నాలే, మనుషులు కొట్టిన బిల్లుల్లో ఒక్కసారి కూడా ఒక్క అంకె తప్పలేదట.