1 నుంచి n వరకు కూడిక: అపోహలు - వాస్తవాలు

కడపలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. శ్రేఢుల పాఠం వచ్చేసరికి n(n+1)/2 అందరికీ నోటికి వచ్చేసి ఉంటుంది. అదెలా వచ్చిందని అడిగితేనే అసలు సంగతులు బయటపడతాయి.

అపోహ: జతలు కట్టడం సరి సంఖ్యలకే కుదురుతుంది.

1 నుంచి 10 వరకైతే 1+10, 2+9 అంటూ ఐదు జతలు వస్తాయి. ఒక్కో జత 11, మొత్తం 55. 11 వరకు కూడమంటేనే గొడవ. 1+11, 2+10, 3+9, 4+8, 5+7 అయ్యాక మధ్యలో 6 ఒంటరిగా మిగులుతుంది. "సార్, ఇక్కడ సూత్రం పనిచేయదు కదా?" అంటారు.

పనిచేస్తుంది. ఒక్కో జత 12, మిగిలిన 6 అందులో సరిగ్గా సగం. అంటే ఉన్నవి ఐదున్నర జతలు: 5.5 × 12 = 66. అర జత ఏమిటి అని చిరాకు పడేవాళ్లు వరుసను తిరగేసి కింద ఇంకోసారి రాసుకోవచ్చు. 1 కింద 11, 2 కింద 10 వస్తాయి, 6 కింద 6 పడుతుంది. ఇప్పుడు 11 జతలు, ఒక్కోటి 12, మొత్తం 132. ప్రతి సంఖ్యా రెండుసార్లు వచ్చింది కాబట్టి సగం చేస్తే 66. సరి, బేసి అనే ప్రశ్నే రాదు.

నేనైతే కడప బండలతో చెబుతాను. మొదటి మెట్టుకు ఒక బండ, రెండో మెట్టుకు రెండు, అలా పదకొండో మెట్టు వరకు పేర్చామనుకోండి. అలాంటిదే ఇంకో మెట్ల వరుసను తలకిందులుగా దీని మీద బోర్లిస్తే నిండు గోడ అవుతుంది. వెడల్పు 11 బండలు, ఎత్తు 12. సూత్రంలో n పక్కన n+1 ఎందుకుందో ఇక్కడే కనిపిస్తుంది. n×n/2 అని రాసేవాళ్లకు 60.5 బండలు వస్తాయి, తప్పు వెంటనే దొరికిపోతుంది. 10 మెట్లయితే మాత్రం 50 అని పూర్ణ సంఖ్యే వచ్చి మోసం చేస్తుంది.

అపోహ: ఈ కిటుకు జర్మన్ గణితవేత్త గాస్ కనిపెట్టాడు.

చిన్నప్పుడు బడిలో 1 నుంచి 100 వరకు చిటికెలో కూడేశాడని ఆయన గురించి కథ చెబుతారు. కానీ గాస్ పుట్టింది 1777లో. మొదటి పదాన్నీ చివరి పదాన్నీ కలిపి, పదాల సంఖ్యలో సగంతో గుణించమని ఆర్యభటీయంలోనే ఉంది. అది 499 నాటిది. గాస్ బడి కథ 1856లో వచ్చిన జీవితచరిత్రలో ఉన్న మాట నిజమే కానీ, అందులో 1 నుంచి 100 అన్న ప్రస్తావన లేదు.

అపోహ: ఏ వరుసనైనా ఇలాగే కూడొచ్చు.

1, 4, 9, 16, 25 తీసుకోండి. 1+25 = 26, 4+16 = 20. జతలు సమానంగా లేవు. ఎడమ నుంచి ఒక అడుగు వేస్తే పెరిగినంతే, కుడి నుంచి ఒక అడుగు వేస్తే తగ్గాలి. పదాల మధ్య తేడా ఒకేలా ఉంటే అది తప్పకుండా జరుగుతుంది.

15 నుంచి 40 వరకు కూడికకు జతలు బాగానే కుదురుతాయి, ఒక్కోటి 55. పిల్లలు తప్పేది పదాల లెక్కలో. 40−15 = 25 అంటారు, కానీ రెండు చివర్లూ కలిపి ఉన్నవి 26. అంటే 13 జతలు, 715. సరిచూడాలంటే 40 వరకు మొత్తం 820లోంచి 14 వరకు మొత్తం 105 తీసేయండి. 15 వరకు మొత్తం 120 తీసేస్తే 700 వస్తుంది. తగ్గిన ఆ పదిహేను, మనం పొరపాటున తీసేసిన 15 అనే సంఖ్యే.